కెమెరాలో 44 డిగ్రీలు చూపించిన జాయింట్ పది రోజులకే కాలిపోయింది. తప్పు కెమెరాదా, మనిషిదా?

ఆదోని మిల్లు | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ పనంతా నేనే చూస్తాను. ఇన్సూరెన్సు వాళ్లు థర్మల్ రిపోర్టు అడిగారని, సీజను మొదలైన వారానికి బయటి నుంచి ఒకాయనను పిలిపించాం. ఆయన మెయిన్ ప్యానెల్ తలుపు తీయించి థర్మల్ కెమెరాతో ఫొటోలు తీసుకొని వెళ్లాడు. ఇన్‌కమర్ కేబుల్ వచ్చి అల్యూమినియం బస్‌బార్‌కు బిగించిన చోట రీడింగులు ఇలా ఇచ్చాడు: ఆర్ ఫేజు 39.5, వై ఫేజు 44, బి ఫేజు 40. పక్కన "నార్మల్" అని రాశాడు. మేమూ ఆ మాట నమ్ముకొని ఊరుకున్నాం.

సరిగ్గా పది రోజులకు, సాయంత్రం షిఫ్టులో ప్యానెల్ రూములోంచి కాలిన వాసన. ఆపి తలుపు తీస్తే వై ఫేజు కేబుల్ చివర ఉండే లోహపు లగ్ ముఖం నల్లగా, గుంటలు గుంటలుగా ఉంది. స్లీవ్ మాడి అంటుకుపోయింది. మరుసటి రోజు మధ్యాహ్నం దాకా మిల్లు నడవలేదు. బయట పత్తి బండ్లు బారులు తీరాయి, రైతులు నా మొహం మీదే తిట్టారు. ఓనరు మాత్రం ఒకటే అడుగుతున్నాడు: "పది రోజుల కింద 44 డిగ్రీలు ఉన్నది ఇప్పుడెట్లా కాలిందిరా?"

ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియట్లేదు. పది రోజుల్లో బోల్టు లూజు అయిందా? లేక రీడింగే తప్పా?

కర్నూలు వైండింగ్ | సోమవారం రాత్రి 10:05

కెమెరా క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ అడుగు అన్నా. చాలామంది ఏళ్ల తరబడి క్యాలిబ్రేషన్ చేయించరు. ఇంకో అనుమానం, జిన్నులు తిరిగేటప్పుడు మిల్లంతా వణుకుతుంది కదా, స్ప్రింగ్ వాషర్ వేయకపోతే పది రోజుల్లో లూజు కావడం పెద్ద విషయం కాదు. నేను చూశాను అలాంటివి.

తాడిపత్రి ఫోర్‌మన్ | సోమవారం రాత్రి 10:52

నాలుగు సంగతులు చెప్పు నాయనా, తర్వాత మాట్లాడుకుందాం. ఒకటి, బస్‌బార్‌కు రంగు గానీ స్లీవ్ గానీ ఉందా, ఉత్త అల్యూమినియమా? రెండు, ఫొటో మూలన ఎమిసివిటీ ఎంత పెట్టినట్టు కనిపిస్తోంది? మూడు, ఆ రోజు ఎన్ని ఆంపియర్లు నడుస్తున్నాయి? నాలుగు, ఆ ఫొటోలో లగ్ కింద కేబుల్ మీద వేసిన స్లీవ్ ఏ రంగులో కనిపిస్తోంది? నాలుగోది జాగ్రత్తగా చూసి చెప్పు.

ఆదోని మిల్లు | మంగళవారం ఉదయం 7:15

సార్, బస్‌బార్ ఉత్త అల్యూమినియం. రంగు లేదు. పైగా రిపోర్టు బాగా రావాలని ముందు రోజు షట్‌డౌన్ తీసుకొని దూది ధూళి అంతా ఊది, గుడ్డతో తుడిచి తళతళలాడేట్టు పెట్టింది నేనే.

ఫొటో కింద ε = 0.95 అని ఉంది. ఆ రోజు సగం జిన్నులే నడుస్తున్నాయి, 180 ఆంపియర్ల దగ్గర ఉండొచ్చు. ఇప్పుడు పూర్తి లోడు 300.

ఇక నాలుగోది. వై ఫేజు లగ్, బోల్టు ముదురు ఊదా రంగులో ఉన్నాయి. దాని కింద స్లీవ్ మాత్రం దాదాపు తెల్లగా, పసుపు అంచుతో వెలిగిపోతోంది. నేను ఆ రోజే అడిగాను సార్, "స్లీవ్ అలా ఉందేంటి" అని. "పసుపు స్లీవ్ కదా, అది కలర్ ఎఫెక్ట్" అన్నాడు.

తాడిపత్రి ఫోర్‌మన్ | మంగళవారం ఉదయం 8:30

జవాబు ఆ ఫొటోలోనే ఉంది.

వేడి పుట్టేది ఎక్కడ? లగ్ బస్‌బార్‌ను తాకే చోట. అక్కడి నుంచి కేబుల్ లోపలికి పారి, పైనున్న స్లీవ్‌కు అందుతుంది. స్లీవ్‌లో సొంతంగా పుట్టే వేడి ఏమీ లేదు. మరి పొయ్యి చల్లగా ఉండి పొయ్యి పక్క గోడ కాలుతోందంటే ఎవరైనా నమ్ముతారా? లగ్ 44, దాన్ని అంటుకున్న స్లీవ్ అంతకంటే వేడి అని కెమెరా చెప్పిందంటే, రెండింట్లో ఒకటి అబద్ధం. అబద్ధం చెప్పేది మెరిసేదే.

కెమెరా టెంపరేచర్‌ను కొలవదు. వస్తువు నుంచి వచ్చే పరారుణ కిరణాలను పోగు చేసుకొని, ఇన్ని వచ్చాయి కాబట్టి ఇంత వేడి ఉండాలి అని లెక్క కడుతుంది. స్లీవ్, పెయింటు, రబ్బరు, మన చర్మం లాంటివి తమ వేడికి తగ్గట్టు నిండుగా వెదజల్లుతాయి, నూటికి 90కి పైగా. ఎమిసివిటీ అంటే ఆ పాలే, 0.95 పెట్టాడంటే ఎదుటిది నూటికి 95 వెదజల్లుతుందని కెమెరాకు చెప్పినట్టు. తుడిచిన అల్యూమినియం అదే వేడి దగ్గర నూటికి పది కూడా వెదజల్లకపోవచ్చు. అంటే కెమెరాకు అందిన దాంట్లో పది పాళ్లు లగ్‌వి, తొంభై పాళ్లు ఎదురుగా ఉన్న ప్యానెల్ తలుపువి, గోడవి, కెమెరా పట్టుకున్న మనిషివి. అద్దంలో తన మొహం చూసుకొని అద్దానికి మీసాలున్నాయని రాసుకొచ్చినట్టు అయింది ఆ రిపోర్టు.

ఆయన ఫొటో ఫైలు ఇచ్చాడా, లేక పీడీఎఫ్ మాత్రమే ఇచ్చాడా? కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు అయితే కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, స్పాట్‌ను స్లీవ్ మీదికి జరుపు. మూడు ఫేజులకూ చూసి చెప్పు.

కర్నూలు వైండింగ్ | మంగళవారం ఉదయం 9:02

ఫోర్‌మన్ సార్ చెప్పింది కరెక్టే. కానీ ఒక మాట, నలుపు మాత్రమే కిరణాలను పూర్తిగా వదులుతుంది అని చదువుకున్నాం కదా. స్లీవ్ పసుపు రంగు. కాబట్టి స్లీవ్ రీడింగు కూడా తప్పే అవ్వాలి. నల్ల టేపు వేస్తే తప్ప తెలియదు.

అనంత లెక్చరర్ | మంగళవారం ఉదయం 11:20

ఇక్కడ చాలామంది తడబడతారు. కంటికి కనిపించే రంగుకూ ఈ కెమెరా చూసే దానికీ సంబంధం చాలా తక్కువ. మన కన్ను చూసేది మైక్రోమీటరులో సగం దగ్గరి తరంగాలను. ఈ కెమెరాలు చూసేది సుమారు 8 నుంచి 14 మైక్రోమీటర్ల మధ్య. ఆ తరంగాలకు తెల్ల పెయింటూ నల్ల పెయింటూ దాదాపు ఒకటే, రెండూ 0.9 పైనే. పసుపు, ఎరుపు, నీలం స్లీవ్‌లూ అంతే. తేడా వచ్చేది ఉత్త లోహం దగ్గర.

ఇంట్లోనే చూడొచ్చు. స్టీలు చెంబు నిండా మరిగిన నీళ్లు పోసి, పక్కన ఒక అంగుళం టేపు ముక్క, రంగు ఏదైనా సరే, అంటించి కెమెరాతో చూడండి. మా ల్యాబులో పిల్లలకు చూపిస్తుంటాను. టేపు మీద 90 పైన ఉంటుంది, పక్కనున్న స్టీలు మీద 45, 50 మధ్య ఊగుతూ ఉంటుంది. చేత్తో ముట్టుకుంటే రెండూ ఒకేలా కాలుస్తాయి. 1804లో జాన్ లెస్లీ అనే ఆయన కెమెరాలేవీ లేకుండానే ఇదే చేశాడు. వేడినీళ్లు పోసిన లోహపు డబ్బాకు ఒక్కో పక్క ఒక్కో రకంగా, ఒకటి మెరుగు పెట్టి, ఒకటి నలుపు పూసి, ఏ పక్క నుంచి ఎంత వేడి వస్తుందో కొలిచాడు.

కట్టెల పొయ్యి మీద కాగిన గిన్నె దొరికితే ఇంకా బాగుంటుంది. మసి పట్టిన అడుగు నిజం చెబుతుంది, బూడిదతో తోమిన పైభాగం అబద్ధం చెబుతుంది.

కడప కూలింగ్ | మంగళవారం మధ్యాహ్నం 1:10

నేను ఏసీ మెకానిక్‌ను అన్నా, ప్యానెళ్ల సంగతి తెలియదు. కానీ ఇది చదివాక నా ఏడాది సమస్య గుర్తొచ్చింది. నా దగ్గర కెమెరా లేదు, లేజర్ గన్ ఉంది. దాంతో రాగి సక్షన్ పైపు మీద ఎన్నిసార్లు కొట్టినా 31, 32 చూపిస్తుంది. ముట్టుకుంటే జిల్లుమంటుంది. గ్యాసు తక్కువైందేమో అని టెన్షన్ పడి, ఒకరింట్లో అనవసరంగా గ్యాసు కూడా ఎక్కించా. లేజరు పడిన చోటే కొలుస్తుంది కదా? రాగి మీద పడి చెదిరిపోతోందా?

తాడిపత్రి ఫోర్‌మన్ | మంగళవారం మధ్యాహ్నం 1:45

లేజరు ఏమీ కొలవదయ్యా, అది గురి చూపించే దీపం మాత్రమే. కొలిచేది దాని పక్కనున్న కళ్లలాంటి కటకం. అది చూసేది కూడా ఆ ఎర్ర చుక్క ఒక్కదాన్నే కాదు, దూరాన్ని బట్టి పెద్ద గుండ్రటి మేర. సన్న పైపు అయితే పైపుతో పాటు వెనక గోడ కూడా కలుస్తుంది.

మిగతాది ఆదోని కథే, తిరగేసి. అక్కడ వేడి లగ్ చల్లగా కనిపించింది, నీ దగ్గర చల్లటి పైపు వేడిగా కనిపిస్తోంది. రెండు చోట్లా కనిపించేది చుట్టూ ఉన్న గదే. పైపుకు రెండు చుట్లు టేపు చుట్టి, ఐదు నిమిషాలు ఆగి, గన్‌ను బాగా దగ్గరగా పెట్టి చూడు.

కడప కూలింగ్ | మంగళవారం సాయంత్రం 6:30

చూశానన్నా. టేపు మీద 10, పక్కన రాగి మీద 31. ఇంకో విచిత్రం, పైపుకు చెమట పట్టిన చోట టేపు లేకుండానే 12 చూపించింది. గుడ్డతో తుడిస్తే మళ్లీ 29కి పోయింది.

అనంత లెక్చరర్ | మంగళవారం సాయంత్రం 6:48

నీటి పొర 0.95 పైన ఉంటుంది. మీకు చెమటే టేపు పని చేసిపెట్టింది.

ఆదోని మిల్లు | మంగళవారం రాత్రి 8:15

ఫైలు దొరికింది సార్. ఆయనకు ఫోన్ చేస్తే మెయిల్‌లో పంపాడు, పాపం మంచివాడే. స్పాట్‌ను స్లీవ్‌ల మీదికి జరిపి చూశా. ఆర్ 48. బి 49. వై 73.

73 సార్! ఆ రోజే ఉంది. సగం లోడులోనే.

తాడిపత్రి ఫోర్‌మన్ | మంగళవారం రాత్రి 9:00

స్లీవ్ పైన 73 అంటే లోపల లగ్ ఇంకా ఎక్కువే, 85 అనుకుందాం. మీ కేబుల్ పీవీసీ అయితే దాని లోపలి తీగకు చెప్పే హద్దే 70.

పది రోజుల్లో ఏం జరిగిందో కూడా ఇప్పుడు చెప్పొచ్చు. జాయింట్‌లో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 180 నుంచి 300కి పోతే కరెంటు ఒకటిన్నర రెట్ల కంటే కొంచెం ఎక్కువే, కానీ వేడి దాదాపు రెండు ముప్పావు రెట్లు. ప్యానెల్ లోపల 38 ఉందనుకుంటే, దాని మీద 47 పెరిగిన జాయింట్ పూర్తి లోడులో 130 పెరగాలి. చుట్టూ బస్‌బార్ కొంత లాక్కుంటుంది కాబట్టి లెక్క అంత కచ్చితంగా రాదనుకో. అయినా స్లీవ్ మాడడానికి అందులో సగం చాలు. బోల్టు పది రోజుల్లో లూజు కాలేదు, ముందు నుంచే బాగాలేదు.

కర్నూలు వైండింగ్ | మంగళవారం రాత్రి 9:20

ఒప్పుకున్నా సార్. అయితే దీనికి సులువైన మందు ఉంది కదా. కెమెరాలో ఎమిసివిటీ 0.95 తీసేసి అల్యూమినియంకు తగ్గట్టు 0.1 పెడితే సరిపోతుంది. పట్టికలు నెట్‌లో దొరుకుతాయి. టేపుల గోల ఎందుకు?

డిప్లొమా ఫైనలియర్ | బుధవారం తెల్లవారుజామున 1:12

అన్నా, నిద్ర పట్టక ఆ లెక్క వేసి చూశా. మా సార్ చెప్పిన సూత్రం ఇది. S కెమెరాకు అందేది, T వస్తువు వేడి, Tr చుట్టుపక్కల వేడి. రెండు వేడిలూ కెల్విన్లలో.

```
S = ε·T⁴ + (1 − ε)·Tr⁴
```

లగ్ నిజంగా 85, చుట్టూ 38, అల్యూమినియం నిజంగా 0.10 అనుకున్నా. కెమెరాలో 0.95 పెడితే 44 వచ్చింది, రిపోర్టులో ఉన్నది అచ్చం అదే. ఆర్ ఫేజు లగ్ నిజంగా 52 అనుకుంటే 39.5 వచ్చింది. అంటే రిపోర్టులో కనిపించిన నాలుగున్నర డిగ్రీల తేడా వెనక 33 డిగ్రీల తేడా ఉంది.

తర్వాత అన్న చెప్పినట్టు సెట్టింగు మార్చి చూశా. సరిగ్గా 0.10 పెడితే 85 వచ్చింది, బాగానే ఉంది. కానీ 0.05 పెడితే 118. 0.15 పెడితే 71. పట్టికల్లో అల్యూమినియం అని వెతికితే మెరుగు పెట్టినది ఒక అంకె, పాతది ఒక అంకె, రోల్ చేసిన రేకు ఇంకో అంకె, ఈ మూడింటికీ తగ్గట్టే ఉన్నాయి. ఏది పెట్టాలి?

తాడిపత్రి ఫోర్‌మన్ | బుధవారం ఉదయం 7:05

బాగా వేశావు బాబూ. నిజం కెమెరా ఈ నాలుగో ఘాతం వాడదు, తన 8 నుంచి 14 మైక్రోమీటర్ల మేరకు వేరే పట్టిక పెట్టుకుంటుంది, అంకెలు కాస్త మారతాయి. కానీ దారి ఇదే. ఇంకొకటి వేసి చూడు. ఎమిసివిటీ సరిగ్గా 0.10 పెట్టి, చుట్టుపక్కల వేడి 38కి బదులు 40 అని పెట్టు.

డిప్లొమా ఫైనలియర్ | బుధవారం ఉదయం 7:31

72 వచ్చింది సార్!! రెండు డిగ్రీలు తప్పు పెడితే పదమూడు డిగ్రీలు పోయింది.

తాడిపత్రి ఫోర్‌మన్ | బుధవారం ఉదయం 7:50

అదే. పది పాళ్ల నిజంలోంచి మొత్తం నిజాన్ని వెలికితీయాలంటే కెమెరా పదితో గుణించాలి, దాంతో పాటు తప్పు కూడా పది రెట్లు అవుతుంది. ప్యానెల్ లోపల ఒక పక్క వేడి ట్రాన్స్‌ఫార్మర్, ఒక పక్క తెరిచిన తలుపు, ఎదురుగా నువ్వు. లగ్ ఒంపులో ఏ ముక్క దేన్ని ప్రతిఫలిస్తోందో ఎవరికి తెలుసు? అందుకే 0.5 కంటే తక్కువ ఉన్న ఉపరితలం మీద నేను అంకె రాయను. "ఇక్కడ కొలవలేదు" అని రాస్తా. ఓనర్లకు నచ్చదు, నచ్చకపోతే పోనీ.

ప్యానెల్ కింద నీడ | బుధవారం ఉదయం 10:40

సోలార్ ఫీల్డు వాడిని, ఓర్వకల్లు వైపు. మాకు పైన ఉండేది గాజు కాబట్టి ఈ బాధ లేదు, 0.85 పెట్టి లాగించేస్తాం. ప్యానెల్ అల్యూమినియం ఫ్రేము మాత్రం మిట్టమధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో మైనస్‌లలో చూపిస్తుంది, కొత్తగా వచ్చిన కుర్రాళ్లు కెమెరా పాడైందని పరుగెత్తుకొస్తారు. ఆ ఫ్రేములో కనిపించేది మబ్బు లేని ఆకాశం. ఆకాశం ఈ కెమెరాకు చాలా చల్లన.

అనంత లెక్చరర్ | బుధవారం ఉదయం 11:15

గాజుకు బాధ లేదనకండి. ఎదురుగా నిలబడి చూస్తే నిజమే. పక్కకు వంగి, ఏటవాలుగా చూస్తే గాజు కూడా అద్దమైపోతుంది, ఆకాశం కలిసి ప్యానెల్ ఉన్నదానికంటే చల్లగా కనిపిస్తుంది. వరుస చివర నిలబడి పది ప్యానెళ్లు ఒకే ఫొటోలో లాగితే దూరంగా ఉన్నవన్నీ "ఆరోగ్యంగా" కనిపించేది అందుకే.

ప్యానెల్ కింద నీడ | బుధవారం ఉదయం 11:32

వరుస చివర నిలబడి లాగడం మా వాళ్లకు అలవాటే సార్. ఇవాళ పాత ఫొటోలు తీసి చూస్తా. హాట్‌స్పాట్ అనుమానం వస్తే మాత్రం మేం చేసేది ఒకటుంది, రెండు అడుగులు పక్కకు జరుగుతాం. చుక్క మనతో పాటు జరిగితే అది ప్రతిబింబం. అక్కడే ఉంటే సెల్ నిజంగా కాలుతోంది.

ఎమ్మిగనూరు ఆయిల్‌మిల్ | బుధవారం మధ్యాహ్నం 2:25

మీ పక్కకు జరిగే చిట్కా మా దగ్గర బెడిసికొట్టింది. దసరా అయిన వారానికి మా థర్మిక్ ఫ్లూయిడ్ పైపులను చెక్ చేశారు. ఇన్సులేషన్ మీద అల్యూమినియం రేకు చుట్టి ఉంటుంది. పైపు పొడుగునా 37 చూపిస్తోంది, ఒక చోట మాత్రం నిలువుగా మూడు చుక్కలు 53. జరిగి చూశారు, చుక్కలు కదల్లేదు. లోపల ఇన్సులేషన్ జారిపోయి వేడి తన్నుతోంది అని రిపోర్టు. రేకు విప్పడానికి మనుషులను కూడా పిలిచాం. నిచ్చెన వేసుకొని ఎక్కి చూస్తే ఆయుధ పూజకు పెట్టిన పసుపు కుంకుమ బొట్లు!

తాడిపత్రి ఫోర్‌మన్ | బుధవారం మధ్యాహ్నం 2:40

నవ్వకండి, ఆ మూడు బొట్లే నిజం చెప్పాయి. ఆ రేకంతా 53. మిగతా పైపే 37 అని అబద్ధం ఆడింది. మీ ఇన్సులేషన్ మందం సరిపోతుందో లేదో ఆ 53ని పట్టుకొని లెక్క చూసుకోండి.

ఎమ్మిగనూరు ఆయిల్‌మిల్ | బుధవారం మధ్యాహ్నం 2:44

అయ్యో. ఇది మేం అసలు ఆలోచించలేదు సార్.

ఆదోని మిల్లు | బుధవారం రాత్రి 8:50

కొత్త లగ్ వేశాం. ఇప్పుడు టేపు పెట్టి చూద్దామనుకుంటున్నా. ఎలా పెట్టాలో చెప్పండి సార్. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు చాలా? నడుస్తున్నప్పుడు రబ్బరు గ్లౌజులు వేసుకొని అంటించొచ్చా?

తాడిపత్రి ఫోర్‌మన్ | బుధవారం రాత్రి 9:10

వద్దు. నడుస్తున్న బస్‌బార్ దగ్గరికి టేపు ముక్కతో చెయ్యి పోనివ్వకు. గ్లౌజులున్నా వద్దు. టూల్ జారినా, టేపు చివర పక్క ఫేజుకు చుట్టుకున్నా ప్యానెల్ నీ మొహం మీద పేలుతుంది. షట్‌డౌన్ తీసుకో, తాళం వేసి తాళం చెవి జేబులో పెట్టుకో, టెస్టర్‌తో మూడు ఫేజులూ చచ్చాయని చూసుకో, అప్పుడు అంటించు.

లగ్ చదునుగా ఉన్న చోట, బోల్టుకు వీలైనంత దగ్గరగా, ఒక అంగుళం పలక. కింద గాలి బుడగ ఉండకూడదు, ఉంటే బుడగ మీద తక్కువ చూపిస్తుంది. లగ్‌కూ బస్‌బార్‌కూ మధ్య తాకే ముఖంలోకి మాత్రం పోకూడదు. మూడు ఫేజులకూ ఒకే చోట, ఒకే సైజు. అన్ని జిన్నులూ, ప్రెస్సూ నడిచే వేళ, మొదలయ్యాక కనీసం రెండు గంటలు ఆగి ఫొటో తీయించు. ఎమిసివిటీ 0.95 ఉండనీ. దూరం నుంచి తీస్తే టేపు ముక్క తెరమీద ఒకటి రెండు పిక్సెళ్లే పడుతుంది, అప్పుడు పక్క లోహం కూడా కలిసి మళ్లీ తప్పే. తలుపు అవతల నుంచే తీయాలి కాబట్టి ముక్క చిన్నది చేయకు. టేపు మీద ఎంతో, పక్క లోహం మీద ఎంతో, లోడు ఎంతో మూడూ ఒకే కాగితం మీద రాసుకో.

ఆదోని మిల్లు | శనివారం సాయంత్రం 5:20

చేశాం సార్. 285 ఆంపియర్ల దగ్గర, మూడు గంటలు నడిచాక. టేపు మీద ఆర్ 58, వై 57, బి 61. పక్కన ఉత్త లోహం మీద మూడూ 40, 41. ఓనరును పక్కన నిలబెట్టి చూపించా. టేపు మీద ఒక అంకె, వేలెడు దూరంలో ఇంకో అంకె చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి పాత రిపోర్టుకు డబ్బులెందుకిచ్చాం" అన్నాడు.

ఇంకో సంగతి గమనించా. బోల్టుకూ లగ్‌కూ మధ్య సన్న సందు ఉంటుంది కదా, అక్కడ టేపు లేకపోయినా 52 దాకా చూపిస్తోంది. ఎందుకు?

అనంత లెక్చరర్ | శనివారం సాయంత్రం 6:05

సందులోకి పోయిన కిరణం బయటికి రావాలంటే గోడలకు చాలాసార్లు తగలాలి. తగిలిన ప్రతిసారీ ఆ గోడ సొంత కిరణాలు కూడా కలుస్తాయి. దాంతో సందు నోటి దగ్గర లోహం కాస్త నల్ల వస్తువులా ప్రవర్తిస్తుంది. టేపు లేని ప్యానెల్‌లో అనుమానం వస్తే ముందు సందుల్లోకి, బోల్టు రంధ్రాల్లోకి చూడడం మంచి అలవాటు. అయితే సందు లోతు ఎంతో తెలియదు కాబట్టి ఆ అంకెను నమ్మకండి, ఆనవాలుగా మాత్రమే చూడండి.

కర్నూలు వైండింగ్ | శనివారం రాత్రి 7:40

బి ఫేజు 61 కొంచెం ఎక్కువ కాదా? మిగతా రెండింటికంటే మూడు నాలుగు డిగ్రీలు ఉంది. ఆ కేబుల్‌లో ఆంపియర్లు కూడా ఎక్కువ ఉన్నాయేమో క్లాంప్‌తో చూడు. లోడు సమానంగా ఉండి కూడా ఇంత తేడా ఉంటే నేనైతే మళ్లీ బిగించి చూస్తా. ఇంకా, మొదట వై ఫేజు ఎందుకు పాడైందో ఎవరూ చెప్పలేదు. క్రింపింగ్ సరిగ్గా లేదా, బోల్టా?

ఆదోని మిల్లు | శనివారం రాత్రి 8:10

బి లో 298 ఉంది, ఆర్ లో 281. కొంత దానివల్ల కావచ్చు. పాత లగ్ ముఖం మాడిపోయి ఏమీ తేలట్లేదు అన్నా. గొట్టం భాగం కోసి చూడాలి, అందులో తీగలు బిగుతుగానే ఉన్నట్టున్నాయి.

ఈ టేపులు ఇలాగే ఉంచేయనా? ప్రతిసారీ షట్‌డౌన్ అంటే సీజనులో ఓనరు ఒప్పుకోడు.

తాడిపత్రి ఫోర్‌మన్ | శనివారం రాత్రి 8:35

నేను ఉంచను. మామూలు పీవీసీ టేపు చాలావాటికి 80 డిగ్రీలే హద్దు. జాయింట్ మళ్లీ పాడైన రోజు మొదట జిగురు కరిగి వేలాడేది అదే, అదీ దూది ధూళి ఉన్న మిల్లులో. తర్వాతి షట్‌డౌన్‌లో టేపు తీసేసి, అదే చోట మ్యాట్ హీట్‌ప్రూఫ్ పెయింటు రూపాయి బిళ్లంత చుక్క పెట్టు. బోల్టు కింద తాకే ముఖానికి అంటకుండా.

ప్యానెల్ కింద నీడ | శనివారం రాత్రి 8:52

పెయింటు కంటే థర్మోగ్రఫీ కోసమే అమ్మే స్టిక్కర్లు మేలు సార్, మా ఇన్వర్టర్ రూములో రెండేళ్లుగా ఉన్నాయి. ఊడలేదు.

తాడిపత్రి ఫోర్‌మన్ | శనివారం రాత్రి 9:01

మీ రూములో ఏసీ ఉంటుంది బాబూ. ఆదోనిలో దూది ఉంటుంది. నా ఓటు పెయింటుకే.

ఎమ్మిగనూరు ఆయిల్‌మిల్ | ఆదివారం ఉదయం 9:30

చిన్న డౌట్ సార్. మా ప్యానెల్ లోపల బస్‌బార్ల ముందు పారదర్శక అక్రిలిక్ షీటు బిగించి ఉంటుంది. కిందటేడాది షీటు తీయకుండా దాని మీంచే ఫొటోలు తీశారు. అన్ని ఫేజులూ 36 వచ్చాయి, ఒక్క డిగ్రీ కూడా తేడా లేదు. బస్‌బార్లు మెరుస్తాయి కాబట్టే అలా వచ్చిందా?

తాడిపత్రి ఫోర్‌మన్ | ఆదివారం ఉదయం 9:48

బస్‌బార్ల దాకా పోనే లేదయ్యా. కంటికి అక్రిలిక్ పారదర్శకం, కెమెరాకు అది గోడ. ఆ 36 అక్రిలిక్ షీటుది.